తెలుగు మాతృభాష కాని యాంకర్‌కి తెలుగు స్క్రిప్టు: ఏ మాట మార్చాలి, ఏ మాట నొక్కాలి

తెలుగు రాని హీరోయినో యాంకరో వేదిక మీద నాలుగు ముక్కలు తెలుగులో మాట్లాడిన క్లిప్ బయటికి రాగానే కింద రెండు రకాల మాటలు పడతాయి. "ఎంత కష్టపడి నేర్చుకుందో" అని కొందరు, "తెలుగుని ఖూనీ చేసింది" అని కొందరు. ఇద్దరూ చూసేది మాట్లాడిన మనిషి నోటినే. ఆ మనిషి చేతిలో ఉన్న కాగితం ఎలా ఉందో ఎవరూ అడగరు. ఆ తప్పుల్లో చాలా భాగం కాగితం మీదే మొదలవుతాయి. తెలుగు పుట్టు భాషగా ఉన్న మనిషి తన నోటికి తగ్గట్టు రాసుకున్న వాక్యాన్ని, వేరే భాషలో పెరిగిన మనిషి నోట్లో పెడితే అది ఎక్కడ తడబడుతుందో ముందే చెప్పవచ్చు. ఆ కాగితాన్ని ఎలా మారుస్తారు, ఎందుకలా మారుస్తారు అన్నది ఈ వ్యాసం.

ఇక్కడ ఒక్క సందర్భాన్నే తీసుకుందాం. హిందీ మాతృభాషగా ఉన్న ఒక యాంకర్ రామప్ప గుడి ముందు నిలబడి, కెమెరా వైపు చూస్తూ, ప్రాంప్టర్ మీద కదిలే అక్షరాలు చదువుతూ తెలుగులో చెప్పాలి. ఆమెకు తెలుగు కొంత అర్థమవుతుంది, మాట్లాడితే తడుముకుంటుంది, తెలుగు లిపి రాదు. ఇలాంటివాళ్ళు టీవీలో, ఈవెంట్లలో, ప్రకటనల్లో చాలామంది ఉన్నారు.

## ముందు అసలు స్క్రిప్టు చూద్దాం

ఒక మామూలు రచయిత రాసిచ్చే వాక్యం ఇలా ఉంటుందనుకోండి:

"కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రునిచే క్రీ.శ. 1213లో నిర్మింపబడి, నీళ్ళల్లో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరంతో ఎనిమిది వందల ఏళ్ళకు పైగా నిలిచి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చోటు దక్కించుకున్న ఈ రామప్ప గుడిని చూడడానికి వచ్చేవాళ్ళల్లో చాలామందికి, ఈ గుడికి ఆ పేరు శిల్పి వల్ల వచ్చిందని తెలీదు."

ఇందులో సమాచారం తప్పేమీ లేదు. కళ్ళతో చదువుకుంటే అర్థమవుతుంది కూడా. గట్టిగా చదివితే మాత్రం తెలుగువాళ్ళకే "నీళ్ళల్లో తేలేంత తేలికైన" దగ్గర నాలుక మడత పడుతుంది. క్రియ చివరికి గానీ రాదు కాబట్టి, వినేవాడు అప్పటిదాకా అన్నిటినీ గుర్తుపెట్టుకుని కూర్చోవాలి. చదివేవాళ్ళకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలీదు. ఇక్కడ రెండు సమస్యలు కలిసి ఉన్నాయి. ఒకటి ఎవరి నోటికైనా కష్టమే. రెండోది హిందీ నోటికి మాత్రమే కష్టం. ఈ రెండింటినీ విడదీసుకోకపోతే దిద్దుబాటు తప్పుదారి పడుతుంది.

## ఎవరి నోటికైనా మడత పడే మాటలు

"ఎర్ర లారీ తెల్ల లారీ" అని పిల్లలు వేగంగా అంటూ ఆడుకుంటారు. అందులో ఏ మాటా కష్టం కాదు. ర, ల రెండూ నాలుక కొనతో, ఇంచుమించు ఒకే చోట పుట్టే ధ్వనులు. అవి ఒకదాని వెంట ఒకటి, వరుస మారుతూ వస్తుంటే నాలుక ముందరి కదలికను మరిచి తర్వాతి కదలికలోకి వెళ్ళిపోతుంది. "లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్య" కూడా అంతే. దాదాపు ఒకేలా ఉండి కొంచెమే తేడాగా ఉన్న ధ్వనులు దగ్గర దగ్గరగా రావడమే నాలుక మడతకు కారణం.

"తేలేంత తేలికైన" అన్నది ఎవరూ కావాలని కట్టింది కాదు, కానీ పని అదే చేస్తుంది. రెండు మాటలూ "తేల్" అని మొదలవుతాయి, ఆ తర్వాత దారులు వేరు. రాసేటప్పుడు ఆ పోలిక అందంగా అనిపించి ఉంటుంది. చెప్పేటప్పుడు అదే గుంట. వీటిని పట్టుకోవడానికి రచయిత తన స్క్రిప్టును తానే పెదవి విప్పి, మామూలు కన్నా కాస్త వేగంగా రెండుసార్లు చదువుకుంటే చాలు. మనసులో చదువుకుంటే ఎప్పటికీ దొరకవు.

## హిందీ నోటికి మాత్రమే కష్టమైనవి

అసలు పని ఇక్కడ ఉంది. తెలుగువాళ్ళకు కష్టం ఏమిటో తెలియని మాటలే ఆమెకు కష్టం.

మొదటిది ళ. ప్రామాణిక హిందీలో ఈ ధ్వని లేదు. నాలుకను వెనక్కి మడిచి పలికే ళ బదులు ఆమె నోట ల వస్తుంది, కొన్నిసార్లు డకి దగ్గరగా ఉండే ధ్వని వస్తుంది. "నీళ్ళు", "ఏళ్ళు" విడివిడిగా ఉంటే సాధన చేసి పలకవచ్చు. "నీళ్ళల్లో", "వచ్చేవాళ్ళల్లో" అన్న చోట మాత్రం ళ్ళ పలికిన మరుక్షణం ల్ల పలకాలి. రెంటికీ తేడా వినడమే కొత్త అయిన చెవికి, రెంటినీ వెంటవెంటనే పలకమంటే అది ఆమెకు మన "ఎర్ర లారీ" లాంటిదే.

రెండోది పొట్టి ఎ, ఒ. తెలుగులో ఎ వేరు, ఏ వేరు. మెడ అంటే ఒకటి, మేడ అంటే మరొకటి. ఒడిలో కూర్చోవచ్చు, ఓడి ఇంటికి రావచ్చు. హిందీలో ఈ తేడా లేదు. అక్కడ ఎ, ఒ అన్నవి మామూలుగా దీర్ఘాలే. అందుకే తెలుగు "తేలుగు" అవుతుంది, ఎనిమిది "ఏనిమిది" అవుతుంది, కొండ "కోండ" అవుతుంది. ఉత్తరాది యాస అని మనం గుర్తుపట్టేది ముఖ్యంగా దీన్ని బట్టే.

మూడోది మాట చివర, మాట మధ్యలో వచ్చే అ. హిందీలో మాట చివరి పొట్టి అ రాతలో ఉంటుంది, నోట్లో ఉండదు. తెలుగులో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. దాంతో "ఇటుక" ఆమె నోట "ఇటుక్" అన్నా అవుతుంది, లేదా మింగకూడదని జాగ్రత్త పడి లాగితే "ఇటుకా" అన్నా అవుతుంది. మధ్యలో కూడా ఇదే జరుగుతుంది. పదమూడు "పద్మూడు", వారసత్వం "వార్సత్వం" అవుతాయి. వినేవాళ్ళకు ఇది నిర్లక్ష్యంగా వినిపిస్తుంది. నిజానికి ఆమె తన భాష నియమాన్ని నిష్ఠగా పాటిస్తోంది.

ఇక తేలికైనవి. మనలో చాలామంది మామూలు మాటల్లో వత్తులు వదిలేస్తాం, శ, ష, స తేడాలు కలిపేస్తాం. ఆమె "స్తంభం", "శిఖరం", "గర్భగుడి" మనకన్నా స్పష్టంగా పలుకుతుంది. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు హిందీలోనూ ఉన్నాయి కాబట్టి శిల్పం, ప్రపంచం, శతాబ్దం ఆమెకు పుట్టింటి మాటలే. ఇందులోనూ ఒకటి రెండు ఉచ్చులు లేకపోలేదు. విజ్ఞానం హిందీ అలవాటులో "విగ్యాన్" అవుతుంది, కృష్ణ "క్రిష్ణ్" అవుతుంది.

దీంతో ఒక చిక్కు వచ్చిపడుతుంది. "భాష రాని మనిషి కదా, తేలిక తెలుగులో రాద్దాం" అని ఎవరైనా మంచి మనసుతో సంస్కృత పదాలన్నీ తీసేసి అచ్చ తెలుగు మాటలు పెడితే, స్క్రిప్టు ఆమెకు ఇంకా కష్టమవుతుంది. "ఎనిమిది వందల ఏళ్ళ కిందట" అన్నది మనకు తేలిక. అందులో పొట్టి ఎ ఉంది, మాట చివరి అ ఉంది, ళ్ళ ఉంది. "ఎనిమిది శతాబ్దాల కిందట" అంటే ళ్ళ ఒకటి తప్పుతుంది, "శతాబ్దాల" ఆమె నోట తడబడకుండా వస్తుంది. కష్టం అనేది మాటలో ఉండేది కాదు. ఆ మాటకీ, ఆ నోటికీ మధ్య ఉండేది.

అలాగని అంతా సంస్కృతంతో నింపేస్తే వినే ప్రేక్షకుడికి పాఠ్యపుస్తకంలా వినిపిస్తుంది. కాబట్టి ఆమె నోటికీ మన చెవికీ రెంటికీ పడే మాటనే వెతకాలి. "నీళ్ళల్లో" బదులు "జలంలో" అనడం ఆమెకు సుఖం, మనకు కృతకం. "నీటి మీద" అంటే ఇద్దరికీ సరిపోతుంది. ఇలాంటి మూడో దారి దొరికేదాకా వెతకడమే ఈ పనిలో ఎక్కువ సమయం తీసుకునేది.

## ఏది మార్చాలో కాగితం చెప్పదు, రికార్డింగ్ చెబుతుంది

పై నియమాలు ఎంత తెలిసినా, ముందు ఆమెతో ఒకసారి సాధన లేకుండా చదివించి ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. కాసేపు ఆగి రెండోసారి చదివించాలి. రెండుసార్లూ ఒకే చోట తడబడితే ఆ చోటు మార్చాలి. ఒక్కోసారి ఒక్కో చోట తడబడితే అది టెన్షన్ వల్లో, అలసట వల్లో. దానికి స్క్రిప్టును ముట్టుకోనక్కర్లేదు.

వినేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చదివేవాళ్ళ కన్ను గొంతు కన్నా ఒకటి రెండు మాటలు ముందు నడుస్తుంది. అందువల్ల కష్టమైన మాట కనబడగానే తడబాటు దాని ముందు మాట దగ్గరే మొదలవుతుంది. "శిఖరంతో" దగ్గర ఆమె నెమ్మదించింది కదా అని "శిఖరం" మార్చేస్తే లాభం లేదు. పక్కనే ఉన్న "ఎనిమిది వందల ఏళ్ళకు" ఆమె కంట పడింది, అందుకే వేగం తగ్గింది.

తడబాటు లేకుండా తప్పుగా పలికేవి వేరే రకం. వాటిని పట్టుకోవడానికి స్క్రిప్టు చూడని తెలుగు మనిషికి ఆ రికార్డింగ్ వినిపించి, ఏం వినబడిందో చెప్పమనాలి. రచయిత వింటే కుదరదు. తాను రాసింది తెలుసు కాబట్టి అతని చెవి తప్పులను తనంతట తానే సరిచేసుకుంటుంది.

## ఏ లిపిలో రాసి ఇవ్వాలి

ఆమెకు తెలుగు లిపి రాదు కాబట్టి ఇంగ్లిష్ అక్షరాల్లోనో, హిందీ లిపిలోనో రాసి ఇస్తారు. ఏది మేలన్న దాని మీద ఈ పనిలో ఉన్నవాళ్ళలో నిజమైన అభిప్రాయభేదం ఉంది. రెండు పక్షాలకూ బలం ఉంది.

ఇంగ్లిష్ అక్షరాల్లో పల, పాల, పళ అన్నీ ఒకేలా కనబడే ప్రమాదం ఉంది. త, ట తేడా తెలియదు. ఒక్కో రచయిత ఒక్కోలా రాస్తాడు. హిందీ లిపిలో ట, త, ణ, దీర్ఘాలు, ఒత్తులు అన్నీ చక్కగా చూపించవచ్చు. ఇంత వరకు చూస్తే హిందీ లిపిదే పైచేయి.

అయితే ఆ లిపిలో రాసిన క్షణం నుంచి ఆమె కన్ను హిందీ చదివే అలవాటులోకి వెళ్ళిపోతుంది. మాట చివరి అ, మధ్యలోని అ వాటంతట అవే రాలిపోతాయి. "పదమూడు" అని ఎంత స్పష్టంగా రాసినా "పద్మూడు" అని చదువుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో అయితే ప్రతి అకారానికీ ఒక అక్షరం కళ్ళ ముందు ఉంటుంది కాబట్టి దాన్ని పలుకుతుంది. పొట్టి ఎ, ఒ విషయంలో రెండూ విఫలమే. దక్షిణాది భాషలను రాయడానికి పనికొచ్చే పొట్టి ఎ, ఒ గుర్తులు దేవనాగరిలో ఉన్నాయి, కంప్యూటర్‌లోనూ దొరుకుతాయి. కానీ హిందీ బడిలో వాటిని నేర్పరు. తెలియని గుర్తు ప్రాంప్టర్ మీద కనబడితే కన్ను ఆగిపోతుంది.

నా దృష్టిలో లిపి ఎంపిక ఆమెకే వదిలేయడం మంచిది, ఎందుకంటే చదివే వేగం అలవాటు మీద ఆధారపడుతుంది. ఏ లిపి అయినా, దానిలో రాలిపోయే ధ్వనులకు మాత్రం మనమే ఆసరా ఇవ్వాలి. హిందీ లిపిలో ఇస్తే రాలిపోయే చోట మాటను విడదీసి "ప-ద-మూడు", "వా-ర-సత్వ" అని రాయాలి. పొట్టి ఎ, ఒ ఉన్న అక్షరానికి వేరే రంగు వేసి, "ఈ రంగు కనబడితే లాగకూడదు" అని ఒకసారి చెబితే చాలు. సంవత్సరాలూ సంఖ్యలూ ఎప్పుడూ అంకెల్లో ఇవ్వకూడదు. 1213 అని కనబడగానే ఆమె మనసు దాన్ని హిందీలో చదువుతుంది, తర్వాత తెలుగులోకి మార్చుకోవడానికి ఆగుతుంది.

## నొక్కి పలకడం తెలుగులో ఎలా జరుగుతుంది

స్క్రిప్టులో మాటల కింద గీతలు గీసి "ఇవి నొక్కు" అని ఇవ్వడం చాలామంది చేసే పనే. గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం తెలుగు పద్ధతిని బట్టి తేల్చాలి.

తెలుగు వాక్యంలో ముఖ్యమైన మాటకు దానికంటూ ఒక చోటు ఉంది. అది క్రియకు ముందు. "రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించాడు" అంటే ఏం కట్టించాడో చెబుతున్నట్టు. "ఈ గుడి రేచర్ల రుద్రుడు కట్టించాడు" అంటే ఎవరు కట్టించారో చెబుతున్నట్టు. "ఈ గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు" అని క్రియను ముందుకు తెస్తే ఆ పేరు ఇంకా తేటగా నిలబడుతుంది. మాట సరైన చోట ఉంటే నొక్కు సగం పడినట్టే. భాష మీద పట్టులేని మనిషి గొంతుతో చేయలేని పనిని వాక్యం చేసిపెడుతుంది.

మాట చివర చేరే ఏ కూడా అలాంటిదే. "శిల్పి పేరే", "ఇక్కడే" అన్నప్పుడు ఆ ఏ చేసే పని హిందీలో "హీ" చేసేదే. ఆ ఒక్క పోలిక చెబితే ఆమెకు వెంటనే అందుతుంది.

ఇక గొంతుతో నొక్కడం. ఇక్కడ పెద్ద ప్రమాదం ఉంది. చాలామంది నొక్కమంటే ఆ మాటలోని అచ్చును లాగుతారు. తెలుగులో అచ్చు నిడివి మారితే మాటే మారిపోతుంది. "మెడ" అన్న మాట నొక్కమంటే "మేడ" అని వస్తుంది. "శిల్పి"ని నొక్కమంటే "శీల్పి" వస్తుంది. పొట్టి ఎ, ఒ పలకడమే కష్టమైన మనిషికి ఆ అక్షరం మీదే గీత గీసి ఇస్తే, తప్పును మనమే అడిగి తెప్పించుకున్నట్టు.

అందుకని నొక్కాల్సిన మాటలో అప్పటికే దీర్ఘమో ద్విత్వమో ఉండేలా చూసుకుంటే సుఖం. "చాలా", "భారీ", "శతాబ్దాలు" లాంటివి లాగితే చెడవు, ఇంకా బలంగా వినబడతాయి. "పెద్ద", "అచ్చం" లాంటి వాటిలో హల్లు మీద బరువు వేయవచ్చు. హ్రస్వాలు తప్ప ఏమీ లేని మాటను తప్పనిసరిగా నొక్కాల్సి వస్తే, లాగడం మానేసి దాని ముందు చిన్న విరామం పెట్టాలి. నిశ్శబ్దం తర్వాత వచ్చిన మాట దానంతట అదే పైకి వినబడుతుంది. ఆమెకు ఇచ్చే సూచన కూడా "గట్టిగా పలుకు" అని కాకుండా, "ముందు ఆగు, మొదటి అక్షరం కాస్త పై స్వరంలో అందుకో" అని ఉండాలి.

ఎన్ని మాటలు నొక్కాలన్నది ఇంకో ప్రశ్న. ఒక వాక్యానికి ఒకటి, మహా అయితే పోలిక ఉన్నచోట రెండు. కొత్తగా వచ్చిన సమాచారానికి నొక్కు పడుతుంది, అప్పటికే చెప్పినదానికి పడదు. మొదటి వాక్యంలో "రామప్ప" నొక్కినా, రెండో వాక్యంలో "ఈ గుడి" అన్నది మామూలుగా జారిపోవాలి. ప్రతి వాక్యంలోనూ గుడి పేరు నొక్కితే సరుకు అమ్ముతున్నట్టు వినిపిస్తుంది.

## మారిన స్క్రిప్టు

ఇవన్నీ పెట్టుకుని మొదటి వాక్యాన్ని తిరగరాస్తే ఇలా వస్తుంది. ఒక గీత అంటే చిన్న విరామం, రెండు గీతలంటే ఊపిరి, చదరపు బ్రాకెట్ల లోపలిది నొక్కాల్సిన మాట. ఇక్కడ తెలుగు లిపిలోనే చూపిస్తున్నాను.

```
ఇది / [రామప్ప] గుడి. //
దీన్ని కట్టించింది / [రే-చర్ల రుద్రుడు]. //
కాకతీయ గణపతిదేవుడి / [సేనాని]. //
కట్టి / ఎనిమిది [శతాబ్దాలు] దాటింది. //
శిఖరంలో ఉన్న ఇటుకలు / [నీటి మీద] తేలుతాయి. //
యునెస్కో దీన్ని / [ప్రపంచ వా-ర-సత్వ] సంపదగా
గుర్తించింది. //
జనం ఈ గుడిని పిలిచేది / దేవుడి పేరుతో కాదు, /
రాజు పేరుతో కాదు. //
[శిల్పి] పేరుతో. //
```

1213, 2021 రెండూ ఆమె నోటి నుంచి తీసేసి తెర మీద అక్షరాలుగా వేశాం. ప్రేక్షకుడు వాటిని చూసి గుర్తుపెట్టుకోగలడు, ఆమె "పదమూడు"తోనూ "ఒకటి"తోనూ కుస్తీ పట్టనక్కర్లేదు. "ఇటుకలతో" బదులు "ఇటుకలు" అన్నాం. "ల"లోని అ పోయి ఉ వచ్చింది కాబట్టి దాన్ని మింగే భయం లేదు. "తేలేంత తేలికైన"లో తేలిక పోయింది, తేలడం మిగిలింది. ఇటుక తేలికని చెప్పకపోయినా నీటి మీద తేలుతుందంటే ఆ సంగతి తెలిసిపోతుంది. "వచ్చేవాళ్ళల్లో చాలామందికి తెలీదు" అన్నది పూర్తిగా తీసేశాం. అది సమాచారం కాదు.

"శిల్పి" మాత్రం మార్చలేదు. అది హ్రస్వాల మాటే, నొక్కడానికి అనుకూలం కాదు. అయినా మొత్తం స్క్రిప్టు ఆ మాట కోసమే నడుస్తోంది. రామప్ప అన్నది ఈ గుడిని మలిచిన శిల్పి పేరని వాడుక. అందుకే రెండుసార్లు "కాదు" అనిపించి, ఊపిరి తీసుకునేంత విరామం ఇచ్చి, ఆ మాటను వాక్యం మొదట్లో ఒంటరిగా నిలబెట్టాం. ఆమె గొంతు ఏమీ చేయకపోయినా నొక్కు పడుతుంది.

ఇంకా మూడు చోట్ల కష్టం మిగిలే ఉంది. "రామప్ప"లో చివరి అ, "ఎనిమిది"లో మొదటి ఎ, "రేచర్ల"లో ర్ల. పేర్లను మార్చలేం. "ఎనిమిది" బదులు ఇంకో అంకె రాయలేం. ఇలా తప్పనివాటిని విడిగా రాసి, పలికి చూపిన ఆడియోతో ముందు రోజే ఇవ్వాలి. మూడు మాటలైతే ఎవరైనా సాధన చేస్తారు. ముప్పై ఇస్తే ఒక్కటీ చేయరు.

ప్రాంప్టర్ మీద వరుసలు విరిచే చోటు కూడా చూసుకోవాలి. "ఎనిమిది" ఒక వరుస చివర, "శతాబ్దాలు" తర్వాతి వరుస మొదట్లో పడితే ఆమె మధ్యలో ఆగుతుంది. రెండు విరామాల మధ్య పదిహేను, ఇరవై అక్షరాలకు మించకపోతే ఆమెకు నడక కుదురుతుంది. ఇది కొలిచి తేల్చిన లెక్క కాదు, పనిలో పనికొచ్చే అంచనా.

## అసలు ఇంత మార్చాలా అనేవాళ్ళ వాదన

తెలుగు బాగా వచ్చిన యాంకర్‌నే పెట్టుకోవచ్చు కదా అన్నది మొదటి అభ్యంతరం. దీనిలో న్యాయం ఉంది. ఈ భాషలో చక్కగా మాట్లాడగలిగే కొత్తవాళ్ళు అవకాశాల కోసం చూస్తున్నారు. కానీ ఎవరిని ఎంచుకోవాలన్నది నిర్మాత తేల్చే విషయం. స్క్రిప్టు మార్చేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ నిర్ణయం అయిపోయి ఉంటుంది.

గొంతు వేరేవాళ్ళతో చెప్పించవచ్చు కదా అన్నది రెండోది. తెలుగు సినిమాలో కథానాయికలకు డబ్బింగ్ కళాకారులు గొంతు ఇవ్వడం ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. కథలో అది నడుస్తుంది. నేరుగా కెమెరాతో మాట్లాడే యాంకర్‌కి వేరే గొంతు అతికితే పెదవులకూ మాటకూ ఉన్న తేడా మీదే చూపు పోతుంది. వేదిక మీద అయితే అసలు కుదరదు.

మూడోదే బరువైన వాదన. స్క్రిప్టును ఆమెకు తగ్గట్టు వంచుతూ పోతే ఆమె ఎప్పటికీ నేర్చుకోదు, తెలుగు కూడా చదునుగా తయారవుతుంది, కాబట్టి మనిషికి శిక్షణ ఇవ్వండి అంటారు. సుదీర్ఘంగా నడిచే కార్యక్రమానికి ఇది నిజం. వారం వారం కనబడే యాంకర్‌కి ళ నేర్పడం, ప్రతి వారం స్క్రిప్టులో ళ తప్పించడం కన్నా నయం. ఒక్కరోజు షూటింగ్‌కి వచ్చినవాళ్ళకు అంత వ్యవధి ఉండదు. అప్పుడు స్క్రిప్టే వంగాలి.

యాసను తుడిచేయడమే లక్ష్యమా అన్నది ఇంకో ప్రశ్న. కెనడాలో మర్రే మన్రో, ట్రేసీ డెర్వింగ్ అనే పరిశోధకులు 1995లో ప్రచురించిన అధ్యయనంలో, ద్వితీయ భాష మాట్లాడేవాళ్ళ యాస బలంగా ఉన్నా వినేవాళ్ళకు మాటలు పూర్తిగా అర్థం కావచ్చని చూపించారు. యాస వేరు, అర్థం కావడం వేరు. ఈ తేడా మన పనికి చాలా ఉపయోగం. "చాలా", "చక్కని" లాంటి మాటల్లో చ అక్షరాన్ని మనం పళ్ళ దగ్గరి నుంచి వచ్చినట్టు పలుకుతాం. ఆమె హిందీ చ పలుకుతుంది. అర్థం ఎక్కడా చెడదు. దాన్ని వదిలేయడమే మంచిది. పొట్టి ఎ దీర్ఘమై వేరే మాట అయిపోతే, లేదా సంఖ్యను మింగేసి అది తెలియకుండా పోతే అక్కడ పట్టుబట్టాలి.

## అదే స్క్రిప్టు, వేరే నోరు

ఇదే రామప్ప వీడియోను తమిళం మాతృభాషగా ఉన్న యాంకర్ చేస్తే పై మార్పుల్లో సగం అనవసరం. ఆమెకు ళ పుట్టుకతో వచ్చింది. పొట్టి ఎ, ఒ కూడా వచ్చినవే. "ఎనిమిది వందల ఏళ్ళు" అని హాయిగా చెబుతుంది. ఆమెకు కష్టం "గర్భగుడి", "స్తంభం", "శతాబ్దం". తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఆ లిపిలో రాసి ఇస్తే "గుడి"ని "కుడి" అని చదివే అవకాశం ఉంది, వాక్యం అర్థమే మారిపోతుంది. అంటే హిందీ యాంకర్ కోసం పెట్టిన "శతాబ్దాలు" తీసేసి, మొదట తీసేసిన "ఏళ్ళు" వెనక్కి తేవాలి.

అమెరికాలో పుట్టి పెరిగి, అక్కడి తెలుగు సంఘాల వేడుకల్లో వ్యాఖ్యానం చేసే పిల్లలది మూడో రకం. వాళ్ళకు తెలుగు అర్థమవుతుంది, ఇంట్లో వింటారు. కానీ ఇంగ్లిష్ నాలుకలో త, ట రెండింటికీ మధ్యలో ఎక్కడో ఒక్కటే ధ్వని ఉంటుంది. ద, డ కూడా అంతే. పైగా ఇంగ్లిష్‌లో ఒక అక్షరం మీద నొక్కు పడగానే పక్కనున్న అచ్చులు నలిగిపోతాయి. వాళ్ళకు నొక్కాల్సిన మాటను గీత గీసి ఇస్తే ఆ మాటలో ఒక అక్షరమే వినబడి మిగతావి మాయమవుతాయి. "శతాబ్దాలు"లో "తా" ఒక్కటే మిగలవచ్చు. అందుకని వాళ్ళ స్క్రిప్టులో నొక్కు గుర్తులు దాదాపు తీసేసి, విరామాలు మాత్రం ఉంచి, నొక్కాల్సిన మాటను "శ-తా-బ్దా-లు" అని అక్షరాలుగా విడగొట్టి, నాలుగూ సమానంగా పలకమని పక్కన రాసి ఇస్తారు.